ఐఆర్ఆర్ 20 శాతం ఉన్న ప్రాజెక్టును ఎందుకు వదులుకోవాలి?

ప్రశ్న: సార్, మొన్నటి పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. ఎ, బి అని రెండు ప్రాజెక్టులు, రెంటిలో ఒకటే చేపట్టాలి. రెంటికీ పెట్టుబడి 1,000. ఎ నుంచి మొదటి ఏడాది చివర 1,000, రెండో ఏడాది చివర 240 వస్తాయి. బి నుంచి మొదటి ఏడాది ఏమీ రాదు, రెండో ఏడాది చివర 1,380 వస్తుంది. కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ 10 శాతం. ఎన్‌పీవీ చూస్తే బి, ఐఆర్ఆర్ చూస్తే ఎ మెరుగని వచ్చింది. ఐఆర్ఆర్ 20 శాతం ఉంది కదా అని ఎ రాశాను. కీలో మాత్రం బి అని ఉంది. రేటు 16 శాతమైతే ఏం చేస్తారని ఇంకో భాగం అడిగారు, అది టెన్షన్‌లో వదిలేశాను. "ఎన్‌పీవీనే నమ్మాలి" అని అందరూ అంటున్నారు కానీ ఎందుకో ఎవరూ చెప్పడం లేదు. 20 శాతం వచ్చేదాన్ని కాదని 17 శాతం వచ్చేదాన్ని ఎందుకు తీసుకోవాలి?
— ఒక ఫైనాన్స్ విద్యార్థిని

జవాబు:

మీరు వేసిన లెక్కల్లో తప్పేమీ లేదు. ఎన్‌పీవీ అంటే రాబోయే డబ్బును డిస్కౌంట్ చేసి, అంటే నేటి విలువకు తగ్గించి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది. ఐఆర్ఆర్ అంటే ఆ మిగులు సున్నా అయ్యే రేటు. 10 శాతం దగ్గర ఎ ఎన్‌పీవీ 107.44, బి ఎన్‌పీవీ 140.50. ఎ ఐఆర్ఆర్ సరిగ్గా 20 శాతం, బి ఐఆర్ఆర్ 17.47 శాతం. ఈ నాలుగు సంఖ్యలు వచ్చాక ఎటు మొగ్గాలన్న దగ్గరే మార్కులు పోయాయి. "ఎన్‌పీవీనే నమ్మాలి" అన్న మాటను కారణం తెలియకుండా పట్టుకుంటే, ప్రశ్న కాస్త మారగానే అది చేతికి అందదు. అందుకే మీ లెక్కనే తీసుకుని, అందులోని ఒక్క మొత్తం ఎటు పోతుందో చివరిదాకా చూద్దాం. ఎ ప్రాజెక్టుకు మొదటి ఏడాది చివర వచ్చే 1,000 ఉంది చూడండి, తగవంతా దానిదే.

ముందు రెండు ప్రాజెక్టులనూ పక్కపక్కన పెట్టండి. ఈరోజు పెట్టేది రెంటిలోనూ 1,000. అక్కడ తేడా లేదు. ఎ తీసుకుంటే ఏడాది తిరిగేసరికి 1,000 చేతికొస్తుంది, ఆ తర్వాత ఇంకో 240. బి తీసుకుంటే రెండేళ్లు ఆగాలి, ఆగినందుకు 1,380. బికి రెండో ఏడాది చివర డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఎకు అదే రోజున ఎంత ఉంటుంది? 240 ఖాయం. మొదటి ఏడాది వచ్చిన 1,000 ఆ రెండో ఏడాదంతా ఎక్కడ ఉందన్నది మాత్రం లెక్కలో ఎక్కడా ఇవ్వలేదు. దాన్ని బీరువాలో పెట్టి ఉంచరు కదా. ఎక్కడో ఒక చోట పెడతారు, దాని మీద ఎంతో కొంత వస్తుంది.

దాన్ని 10 శాతానికి పెట్టారనుకుందాం. 1,000 కాస్తా 1,100 అవుతుంది. దానికి 240 కలిపితే 1,340. బి ఇచ్చేది 1,380. అంటే బి దగ్గర 40 ఎక్కువ. అదే 1,000ని 20 శాతానికి పెట్టగలిగితే 1,200 అవుతుంది, 240 కలిపితే 1,440. అప్పుడు ఎ దగ్గర 60 ఎక్కువ. ఇక 14 శాతానికి పెట్టారనుకోండి: 1,140కి 240 కలిపితే 1,380. సరిగ్గా బి ఇచ్చినంతే.

మీ ప్రశ్నకు జవాబు ఈ మూడు సంఖ్యల్లోనే ఉంది. మొదటి ఏడాది చేతికొచ్చే 1,000 మీద రెండో ఏడాదిలో 14 శాతం కంటే ఎక్కువ సంపాదించగలిగితే ఎ మంచిది, తక్కువైతే బి మంచిది. ఎ ఐఆర్ఆర్ 20 శాతం అన్నప్పుడు ఆ 20 శాతం ఏ డబ్బు మీద, ఎంత కాలం వచ్చిందో గమనించండి. మొదటి ఏడాది 1,000 మీద 20 శాతం వచ్చింది, అంటే 1,200 అయింది. అందులోంచి 1,000 బయటికి వచ్చేసింది. రెండో ఏడాది ప్రాజెక్టు లోపల మిగిలింది 200 మాత్రమే. దాని మీద 20 శాతం అంటే 40. 200కి 40 కలిపితే చివరన వచ్చే 240. అంటే ఎ మీకు రెండేళ్ల పాటు 1,000 మీద 20 శాతం ఇవ్వడం లేదు. ఒక ఏడాది 1,000 మీద, ఇంకో ఏడాది 200 మీద ఇస్తోంది. బి అయితే 17.47 శాతాన్ని రెండేళ్లూ మొత్తం డబ్బు మీద ఇస్తోంది: మొదటి ఏడాది 1,000 మీద, రెండో ఏడాది పెరిగిన 1,174.73 మీద. శాతాన్ని మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ శాతం ఎంత సొమ్ము మీద వచ్చిందన్న విషయం మాయమవుతుంది. క్లాసులో ఈ 200ను బోర్డు మీద రాసి చూపించినప్పుడే చాలామంది విద్యార్థులకు ఐఆర్ఆర్ అంటే ఏమిటో నిజంగా అర్థమవడం నేను చూశాను. మీరు కూడా ఒకసారి కాగితం మీద, అప్పు ఖాతా రాసినట్టు, ఏడాది మొదట్లో ఎంత ఉంది, ఎంత పెరిగింది, ఎంత తీశాం అని రాసి చూడండి.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఆ 1,000ని 10 శాతానికే పెడతామని ఎందుకు అనుకోవాలి? ఎ లాంటి మంచి ప్రాజెక్టు దొరికిన కంపెనీకి వచ్చే ఏడాది ఇంకో 20 శాతం ప్రాజెక్టు దొరకదా? దొరకవచ్చు. చాలా పాఠాలు ఈ అనుమానాన్ని తీర్చకుండా "ఎన్‌పీవీ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ దగ్గర మళ్లీ పెట్టుబడి పెడతామని అనుకుంటుంది, ఐఆర్ఆర్ ఐఆర్ఆర్ దగ్గరే పెడతామని అనుకుంటుంది, మొదటిది వాస్తవానికి దగ్గర" అని ఒక వాక్యంలో ముగిస్తాయి. ఆ వాక్యం రాస్తే మార్కులు వస్తాయి. కానీ అది ఎందుకు వాస్తవానికి దగ్గరో తెలియాలంటే ఇంకో అడుగు వేయాలి.

వచ్చే ఏడాది నిజంగానే 20 శాతం ఇచ్చే కొత్త ప్రాజెక్టు వచ్చిందనుకుందాం, దానికి 1,000 కావాలి. కంపెనీ ఎ చేపట్టి ఉంటే చేతిలో 1,000 ఉంది, పెడుతుంది. బి చేపట్టి ఉంటే చేతిలో డబ్బు లేదు. అంతమాత్రాన కొత్త ప్రాజెక్టును వదులుకుంటుందా? కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ 10 శాతం అన్న మాటకు అర్థమే, ఆ రేటుకు కావలసినంత డబ్బు తెచ్చుకోగలదని. 10 శాతానికి 1,000 తెస్తుంది, 20 శాతం వచ్చే చోట పెడుతుంది. ఏడాది చివర 1,200 వస్తే 1,100 తిరిగి ఇస్తుంది, 100 మిగులుతుంది. చివరికి బి దారిలో చేతిలో ఉండేది 1,380కి 100 కలిపి 1,480. ఎ దారిలో ఉండేది 1,440. అదే 40 తేడా, మళ్లీ బి వైపే. కొత్త ప్రాజెక్టు వల్ల వచ్చే లాభం ఏ దారిలో వెళ్లినా కంపెనీకే వస్తుంది. దాని మంచితనాన్ని ఎ ఖాతాలో వేయడం సరికాదు. ఎ వల్ల నిజంగా కలిసొచ్చేది ఒకటే: 1,000ని ఒక ఏడాది ముందుగా ఇస్తోంది కాబట్టి ఆ ఏడాదికి బయట డబ్బు తేవాల్సిన ఖర్చు తప్పుతుంది. ఆ ఖర్చు 10 శాతం, అంటే 100. ఎన్‌పీవీ ఆ ముందు రాకకు కట్టే విలువ సరిగ్గా అంతే.

దీనికి ఒక హద్దు ఉంది. కంపెనీకి బయట డబ్బు దొరకని పరిస్థితి ఉంటే, అంటే క్యాపిటల్ రేషనింగ్ ఉంటే, పై వాదన నిలవదు. అప్పుడు ఎ నుంచి వచ్చే 1,000తోనే కొత్త ప్రాజెక్టు సాధ్యమవుతుంది, ఎ దారిలో 1,440, బి దారిలో 1,380. అప్పుడు ఎ తీసుకోవడమే సబబు. అయితే అక్కడ కూడా మీరు గెలిపించేది ఐఆర్ఆర్‌ను కాదు. డబ్బుకు అసలు ఖరీదు 10 శాతం కాదనీ, దొరకని డబ్బు కాబట్టి దాని విలువ ఇంకా ఎక్కువనీ గుర్తిస్తున్నారు. పరీక్ష లెక్కలో రేషనింగ్ గురించి ఒక్క మాట కూడా లేకపోతే, ఇచ్చిన రేటుకు డబ్బు దొరుకుతుందనే తీసుకోవాలి.

ఇప్పుడు ఆ 14 శాతం దగ్గరికి వద్దాం. మీరు వదిలేసిన 16 శాతం ప్రశ్నకు తాళంచెవి అక్కడే ఉంది. దీన్ని క్రాసోవర్ రేటు అంటారు. 20వ శతాబ్దపు ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరు మీద ఫిషర్ రేటు అని కూడా కొందరు రాస్తారు. ఆ రేటు దగ్గర రెండు ప్రాజెక్టుల ఎన్‌పీవీలూ సమానం. సరిచూసుకోండి: 14 శాతం దగ్గర ఎ విలువ 877.19కి 184.67 కలిపి 1,061.86, అందులోంచి 1,000 తీస్తే 61.86. బి విలువ 1,380ని 1.2996తో భాగిస్తే 1,061.86, ఎన్‌పీవీ మళ్లీ 61.86.

దీన్ని కనుక్కునే పద్ధతి తేలిక. బి క్యాష్ ఫ్లోల్లోంచి ఎ క్యాష్ ఫ్లోలు తీసేయండి. ఈరోజు తేడా సున్నా. మొదటి ఏడాది సున్నా లోంచి 1,000 పోతే మైనస్ 1,000. రెండో ఏడాది 1,380 లోంచి 240 పోతే ప్లస్ 1,140. అంటే ఎని కాదని బిని ఎంచుకోవడమంటే, మొదటి ఏడాది చివర 1,000 వదులుకుని, ఒక ఏడాది ఆగి 1,140 అందుకోవడం. దాని మీద రాబడి 14 శాతమని చూడగానే తెలుస్తుంది. 10 శాతానికి దొరికే డబ్బును 14 శాతం వచ్చే చోట పెట్టడం లాభమే. కాబట్టి బి. దీన్నే ఇంక్రిమెంటల్ ఐఆర్ఆర్ అంటారు. ఐఆర్ఆర్‌ను ఇలా తేడా మీద వాడితే, ఆ తేడాలో గుర్తు మైనస్ నుంచి ప్లస్‌కు ఒక్కసారే మారినంత వరకు, అది ఎన్‌పీవీతో ఒక్కసారి కూడా గొడవ పడదు. ఈ తేడాకు 10 శాతం దగ్గర ఎన్‌పీవీ వేయండి: 942.15 లోంచి 909.09 పోతే 33.06. మీ 140.50 లోంచి 107.44 తీసినా 33.06 వస్తుంది. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో కూడిక తప్పినట్టు. పరీక్షలో ఇది అర నిమిషంలో అయ్యే చెక్.

ఒక జాగ్రత్త. ఇక్కడ తీసివేత ఏ వైపు నుంచి చేశారన్నది ముఖ్యం. నేను చదువుకునే రోజుల్లో ఇదే పొరపాటు చేసి మొత్తం జవాబును తలకిందులు చేశాను, అందుకే నొక్కి చెబుతున్నాను. ఎ లోంచి బిని తీస్తే మొదటి ఏడాది ప్లస్ 1,000, రెండో ఏడాది మైనస్ 1,140 వస్తాయి. దీని ఐఆర్ఆర్ కూడా 14 శాతమే. 14 అనేది 10 కన్నా ఎక్కువ కదా అని ఎని ఎంచుకున్నారా, పూర్తిగా తప్పు. ముందు డబ్బు వచ్చి తర్వాత పోతోందంటే అది పెట్టుబడి కాదు, అప్పు. 10 శాతానికి అప్పు దొరుకుతుంటే 14 శాతానికి ఎవరూ తీసుకోరు. కాబట్టి తీసివేశాక వచ్చిన మొదటి సంఖ్య, సున్నాలను వదిలేసి, మైనస్ అయ్యేలా చూసుకోండి. పెట్టుబడులు వేరువేరుగా ఉంటే పెద్ద పెట్టుబడి లోంచి చిన్నది తీస్తే సరిపోతుంది. మీ లెక్కలో లాగా పెట్టుబడులు సమానంగా ఉంటే, డబ్బు ఆలస్యంగా వచ్చేదాని లోంచి ముందుగా వచ్చేదాన్ని తీయాలి.

ఇక 16 శాతం. ఎ ఎన్‌పీవీ 862.07కి 178.36 కలిపి 1,000 తీస్తే 40.43. బి ఎన్‌పీవీ 1,380ని 1.3456తో భాగించి 1,000 తీస్తే 25.56. ఇప్పుడు ఎన్‌పీవీ కూడా ఎ వైపే. గొడవ లేదు. క్రాసోవర్ 14 అని ముందే తెలిస్తే ఈ రెండు సంఖ్యలు వేయకముందే జవాబు చెప్పవచ్చు: రేటు 14 కన్నా తక్కువ ఉన్నంత వరకు బి, 14 దాటితే 20 వరకు ఎ, 20 దాటితే రెండూ వద్దు. ఐఆర్ఆర్ మాత్రం 20 లోపు రేటు ఎంతైనా ఎప్పుడూ ఎ అనే చెబుతుంది. డబ్బు ఖరీదు మారితే ఎంపిక మారాలి, ఆ సంగతి దానికి పట్టదు. 16 శాతం ప్రశ్నను ఆ భాగంలో పెట్టింది ఇది మీకు తెలుసో లేదో చూడటానికే. "ఎన్‌పీవీ అంటే బి" అని బట్టీ పట్టినవాళ్లు అక్కడ దొరికిపోతారు.

టైమ్ ఉంటే జవాబు పక్కన చిన్న గ్రాఫ్ గీయండి. అడ్డంగా డిస్కౌంట్ రేటు, నిలువుగా ఎన్‌పీవీ. రేటు సున్నా అయినప్పుడు ఎ 240 దగ్గర, బి 380 దగ్గర మొదలవుతాయి, అంటే డిస్కౌంట్ చేయకుండా కూడితే మిగిలేవి. రెండూ కిందికి దిగుతూ 14 దగ్గర కలుస్తాయి, ఆ తర్వాత బి 17.47 దగ్గర, ఎ 20 దగ్గర అడ్డగీతను తాకుతాయి. బి గీత ఎందుకు అంత నిటారుగా దిగుతుందో గమనించండి. రేటు 10 నుంచి 16కు పెరిగేసరికి ఎ 67 మాత్రమే పోగొట్టుకుంది, బి 115 దాకా పోగొట్టుకుంది. దూరంగా ఉన్న డబ్బు మీద రేటు రెండుసార్లు దెబ్బ కొడుతుంది, దగ్గర్లో ఉన్నదాని మీద ఒక్కసారే. బికి ఉన్న డబ్బంతా దూరంగానే ఉంది. ఏ లెక్కలోనైనా ఈ రెండు పద్ధతుల మధ్య గొడవ వస్తుందా అని వాసన పట్టడానికి ఇదే గుర్తు: ఒకదానికి డబ్బు ముందు, ఇంకోదానికి వెనక, వెనక వచ్చేదాని మొత్తం కూడిక ఎక్కువ.

ఇంకో రకం గొడవ పెట్టుబడి పరిమాణం వల్ల వస్తుంది. 100 పెడితే ఏడాదికి 150 ఇచ్చేది ఒకటి, 1,000 పెడితే 1,300 ఇచ్చేది ఇంకొకటి అనుకోండి. ఐఆర్ఆర్‌లు 50, 30 శాతం. 10 శాతం దగ్గర ఎన్‌పీవీలు 36.36, 181.82. ఇక్కడా తేడా తీస్తే తేలిపోతుంది: అదనంగా 900 పెట్టి అదనంగా 1,150 అందుకుంటున్నారు, రాబడి 27.78 శాతం, అది 10 కన్నా ఎక్కువ, కాబట్టి పెద్దదే. "మిగిలిన 900ని వేరే చోట పెట్టుకోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ ఆ వేరే చోటు 27.78 శాతం కన్నా ఎక్కువ ఇవ్వాలి, పైగా పెద్ద ప్రాజెక్టు చేపడితే ఆ చోటు చేజారిపోయేలా ఉండాలి. ప్రశ్నలో అలాంటి చోటు గురించి చెప్పకపోతే లేదనే అర్థం.

మీరు ఐఆర్ఆర్ కనుక్కునే పద్ధతి గురించి అడగలేదు కానీ, ఇందులో ఒక మోసం ఉంది కాబట్టి చెబుతాను. రెండు రేట్ల దగ్గర ఎన్‌పీవీ వేసి మధ్యలో అంచనా కట్టే ఇంటర్‌పొలేషన్‌లో, ఆ రెండు రేట్లు దూరంగా ఉంటే జవాబు పైకి జరుగుతుంది. బికి 10, 20 శాతాలు తీసుకున్నారనుకోండి. ఎన్‌పీవీలు 140.50, మైనస్ 41.67. వాటి నుంచి వచ్చే ఐఆర్ఆర్ 17.71 శాతం. 17, 18 శాతాలు తీసుకుంటే ఎన్‌పీవీలు 8.11, మైనస్ 8.91, ఐఆర్ఆర్ 17.48. అసలైనది 17.47. కారణం ఏమిటంటే, ఎన్‌పీవీ గీత సరళరేఖ కాదు, లోపలికి వంగి ఉంటుంది. రెండు బిందువులను కలిపే తిన్నని గీత దానికి పైన ఉంటుంది కాబట్టి అడ్డగీతను కాస్త కుడి వైపుకు వెళ్లి తాకుతుంది. ఇది చిన్న తేడానే అనిపిస్తుంది. కానీ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ 17.6 శాతం అయితే, 17.71 నమ్మినవాళ్లు బిని ఒప్పుకుంటారు, నిజానికి అక్కడ దాని ఎన్‌పీవీ మైనస్ 2.15. కాబట్టి మొదటి అంచనా వచ్చాక, దానికి అటూ ఇటూ ఉన్న ఒక శాతం తేడా రేట్లతో ఇంకోసారి వేయండి. బి లాంటి లెక్కలో, మధ్యలో డబ్బేమీ రానప్పుడు, ఇంటర్‌పొలేషన్ అవసరమే లేదు: 1,380ని 1,000తో భాగించి వర్గమూలం తీస్తే 1.1747. ఎ లాంటి రెండేళ్ల లెక్కకు వర్గ సమీకరణం సూత్రం చాలు.

ఇంట్లో ఎక్సెల్‌లో సరిచూసుకుంటూ పరీక్షకు తయారవుతుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఎ క్యాష్ ఫ్లోలను B2 లో మైనస్ 1,000తో మొదలుపెట్టి B4 వరకు వేశారనుకుంటే, రాయాల్సింది ఇలా:

```
=NPV(10%,B3:B4)+B2
=IRR(B2:B4)
```

మూడింటినీ కలిపి `=NPV(10%,B2:B4)` అని రాస్తే 107.44 బదులు 97.67 వస్తుంది. ఆ ఫంక్షన్ మొదటి సంఖ్యను కూడా ఏడాది చివరిదిగా తీసుకుని అన్నిటినీ ఒక ఏడాది అదనంగా డిస్కౌంట్ చేస్తుంది. చేతితో సరిగా వేసినవాళ్లు ఇది చూసి తమదే తప్పనుకుని దిద్దుకోవడం నాకు తెలుసు. ఐఆర్ఆర్ ఫంక్షన్‌కు మాత్రం పెట్టుబడితో సహా అన్నీ ఇవ్వాలి.

అరుదుగా ఇంకో రకం లెక్క ఇస్తారు, దాన్ని త్వరగా చెప్పేస్తాను. మైనస్ 1,000, ప్లస్ 2,300, మైనస్ 1,320. చివర మళ్లీ ఖర్చు ఉంది, అంటే గుర్తు రెండుసార్లు మారింది. దీనికి ఐఆర్ఆర్‌లు రెండు: 10 శాతం, 20 శాతం. 15 శాతం దగ్గర ఎన్‌పీవీ ప్లస్ 1.89, 25 శాతం దగ్గర మైనస్ 4.80. ఇక 5 శాతం దగ్గర మైనస్ 6.80. రెండు ఐఆర్ఆర్‌లూ 5 కన్నా ఎక్కువే అయినా ప్రాజెక్టు నష్టం. గుర్తు ఒకటి కన్నా ఎక్కువసార్లు మారిందని కనిపించగానే, ఐఆర్ఆర్ నియమం ఇక్కడ వర్తించదని ఒక వాక్యం రాసి ఎన్‌పీవీతో తేల్చేయండి.

అంటే ఐఆర్ఆర్ పనికిరాదనా? అలా రాయకండి. రెండు ప్రాజెక్టులూ ఒకదానికొకటి అడ్డం కాకపోతే, అంటే స్వతంత్రమైనవైతే, మీ లెక్కలో 10 శాతం దగ్గర రెంటినీ చేపట్టవచ్చు, రెండు పద్ధతులూ అదే చెబుతాయి. కంపెనీలు కూడా దీన్ని వదిలేయలేదు. గ్రాహమ్, హార్వీ 2001లో ప్రచురించిన సర్వేలో 392 మంది ఫైనాన్స్ అధిపతుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఐఆర్ఆర్‌ను ఎప్పుడూ లేదా దాదాపు ఎప్పుడూ వాడతామన్నారు. ఎన్‌పీవీ గురించి కూడా ఇంచుమించు అంతమందే చెప్పారు. శాతంలో చెప్పే సంఖ్య ఇంకో లాభాన్ని కూడా ఇస్తుంది: కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అంచనా ఎంత తప్పినా ప్రాజెక్టు నిలబడుతుందో అది చూపిస్తుంది. బి ఐఆర్ఆర్ 17.47 అంటే 10 అనుకున్న రేటు 17 అయినా నష్టం లేదని. ఐఆర్ఆర్ తడబడేది రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సినప్పుడు. కొన్ని ప్రశ్నల్లో మోడిఫైడ్ ఐఆర్ఆర్ అడుగుతారు. అది మనం పైన చేసిందే: మధ్యలో వచ్చే డబ్బును 10 శాతానికి పెంచి, చివరి మొత్తం మీద రాబడి కట్టడం. ఎకు 1,340 మీద 15.76 శాతం, బికి మారకుండా 17.47. పెట్టుబడులు సమానం కాబట్టి అది కూడా బి వైపే మొగ్గింది.

మళ్లీ ఇలాంటి ప్రశ్న వస్తే నేను రాసే క్రమం ఇది. ముందు రెండు ఎన్‌పీవీలు, రెండు ఐఆర్ఆర్‌లు. "రెండు పద్ధతుల ర్యాంకింగ్ భిన్నంగా ఉంది" అని ఒక లైను. దాని కింద గొడవకు కారణం ఏ రకమో, మీ లెక్కలోనైతే "పెట్టుబడులు సమానం, క్యాష్ ఫ్లోలు వచ్చే సమయం వేరు" అని. తర్వాత బి మైనస్ ఎ, దాని ఐఆర్ఆర్ 14 శాతం, అది 10 కన్నా ఎక్కువ. ఆపైన, ఒకదాన్నే చేపట్టగలం, డబ్బు 10 శాతానికి దొరుకుతుంది, కాబట్టి బి చేపడితే వాటాదారుల సంపద 33.06 అదనంగా పెరుగుతుందని రాయండి. చివరి వాక్యంలో సంఖ్య ఉండటం ముఖ్యం. "ఎన్‌పీవీ మెరుగైన పద్ధతి" అని ఊరికే రాసినదానికీ, 33.06 ఎక్కడి నుంచి వచ్చిందో చూపిన దానికీ తేడా దిద్దేవాళ్లకు వెంటనే కనిపిస్తుంది.

16 శాతం భాగానికి కొత్తగా పేజీ తిప్పక్కర్లేదు. అదే తేడా మీద "ఇంక్రిమెంటల్ ఐఆర్ఆర్ 14 శాతం, 16 కన్నా తక్కువ, కాబట్టి ఎ" అని రాసి, పక్కన 40.43, 25.56 పెట్టండి. రెండు లైన్లలో ఆ మార్కులు మీవే.